మాసూళ్లు తేలని తేదీకి ఢిల్లీ టికెట్

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది రాజోలు దగ్గర పల్లె. మా అబ్బాయి ఢిల్లీలో ఉద్యోగంలో చేరాడు. డిసెంబరులో నేను, మావారు, మా అత్తయ్యగారు వెళ్లి ఓ నెల ఉండి రావాలి. అత్తయ్యగారికి డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. మాసూళ్లు అయ్యాకే కదలాలి కాబట్టి ఫలానా తేదీ అని ఖాయంగా చెప్పలేం. రాజమండ్రిలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కమని అబ్బాయి అంటాడు, విజయవాడ వెళ్లి రాజధాని ఎక్కితే హాయి అని మా మరిది. ఆ రాజధాని ఛార్జీ చూస్తే పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఏది నయం? తేదీ మారితే ఎంత పోతుంది?

జవాబు: అమ్మా, ముందు పొద్దుటికీ సాయంత్రానికీ మారిన ఆ ధర సంగతి చూద్దాం. అది అర్థమైతే మిగతాదంతా దానివెంటే వస్తుంది.

రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో 2016 సెప్టెంబరు 9 నుంచి ఫ్లెక్సీ ఫేర్ అనే పద్ధతి నడుస్తోంది. ధర మారేది గడియారాన్ని బట్టి కాదు, ఆ రైల్లో ఆ క్లాసులో ఎన్ని బెర్తులు అమ్ముడయ్యాయో దాన్ని బట్టి. మొదటి పదో వంతు బెర్తులు అసలు ధరకే ఇస్తారు. తర్వాతి పదో వంతు పది శాతం ఎక్కువకు, ఆ తర్వాతది ఇరవై శాతం ఎక్కువకు, ఇలా మెట్టు మెట్టుగా ఎక్కుతుంది. అసలు ధరకు 1.4 రెట్లు అయ్యాక ఇంక పెరగదు. మొదట్లో సెకండ్ ఏసీకి ఒకటిన్నర రెట్ల దాకా ఉండేది, 2018లో తగ్గించారు. ఇక్కడ ఒక్క విషయం గమనించండి. మొదటి నాలుగు మెట్లకూ కలిపి పోయేది నలభై శాతం బెర్తులే. మిగిలిన అరవై శాతం, అంటే పదింట ఆరు బెర్తులు, చివరి మెట్టు ధరకే అమ్ముతారు. కాబట్టి రాజధాని టికెట్ ధర ఎంత అని ఎవరన్నా అడిగితే 1.4 రెట్ల ధరే చెప్పాలి. తక్కువకు దొరికితే అది బుకింగ్ తెరిచిన పొద్దున్నే కూర్చున్నవాళ్ల అదృష్టం.

పెరిగేది బేస్ ఛార్జీ ఒక్కటే. రిజర్వేషన్ ఛార్జీ, సూపర్‌ఫాస్ట్ ఛార్జీ అలాగే ఉంటాయి. థర్డ్ ఏసీకి అవి 40, 45 రూపాయలు. ఆ మొత్తం మీద అయిదు శాతం జీఎస్టీ పడుతుంది. ఫస్ట్ ఏసీకి ఫ్లెక్సీ లేదు.

మీ అబ్బాయి చెప్పిన ఏపీ ఎక్స్‌ప్రెస్‌కు ఈ గొడవ లేదు. దాని ఛార్జీ కిలోమీటర్లను బట్టి, క్లాసును బట్టి కడతారు. అరవై రోజుల ముందు తీసినా, ఆఖరి బెర్తు తీసినా అదే ధర. 2025 జులై 1న ఛార్జీలు పెంచారని భయపడుతుంటారేమో, ఏసీ క్లాసులకు ఆ పెంపు కిలోమీటరుకు రెండు పైసలు. రాజమండ్రి నుంచి ఢిల్లీకి దాదాపు 1,900 కిలోమీటర్లు, అంటే మనిషికి ముప్పై ఎనిమిది రూపాయల మాట. మీ నిర్ణయాన్ని అది మార్చదు.

ఇప్పుడు లెక్క వేద్దాం. చేతి లెక్కకు వీలుగా అంకెలు గుండ్రంగా తీసుకుంటున్నాను, మీరు టికెట్ తీసేటప్పుడు తెరమీద కనబడే అసలు అంకెలు వీటి స్థానంలో పెట్టుకోండి. రాజధాని థర్డ్ ఏసీ బేస్ 2,200 అనుకుందాం. మొదటి మెట్టులో దొరికితే 85 రూపాయల ఛార్జీలు, జీఎస్టీ కలిపి సుమారు 2,400 అవుతుంది. చివరి మెట్టులో బేస్ 3,080 అవుతుంది, అన్నీ కలిపితే 3,320. భోజనం వద్దనుకోకపోతే దాని డబ్బు విడిగా కలుస్తుంది. మామూలు సూపర్‌ఫాస్ట్ థర్డ్ ఏసీ 2,000, సెకండ్ ఏసీ 2,850 అనుకుందాం.

ఈ నాలుగు అంకెలూ పక్కపక్కన పెట్టుకుని చూడండి. చివరి మెట్టు దగ్గర రాజధాని థర్డ్ ఏసీ, మామూలు రైలు సెకండ్ ఏసీని దాటిపోయింది. అంటే ఎక్కువ డబ్బు పెట్టి మధ్య బెర్తు ఉన్న పెట్టెలో పడుకోవడం. వేగం కావాలంటే దానికి విలువ ఉంది, కాదనను. కానీ డెబ్బై నాలుగేళ్ల మనిషికి పెద్ద ఇబ్బంది మధ్య బెర్తే. పగలు అది ఎత్తి ఉంచితే కింద కూర్చున్నవాళ్లు తల వంచుకోవాలి, రాత్రి అది ఎత్తేదాకా నడుం వాల్చడానికి ఉండదు. సెకండ్ ఏసీలో మధ్య బెర్తే లేదు.

రద్దు సంగతికి వద్దాం, మీ ఉత్తరంలో అసలు విషయం ఇదే. నేను ఈ జవాబు రాస్తున్న 2025 అక్టోబరు నాటికి ఉన్న నియమం ఇది. బెర్తు ఖాయమైన టికెట్‌ను రైలు బయల్దేరే సమయానికి 48 గంటల కన్నా ముందే రద్దు చేస్తే క్లాసును బట్టి ఒక స్థిరమైన మొత్తం కోస్తారు. మనిషికి సెకండ్ ఏసీకి 200, థర్డ్ ఏసీకి 180, స్లీపర్‌కు 120, సెకండ్ సిట్టింగ్‌కు 60. ఏసీ క్లాసులకు వీటిమీద అయిదు శాతం జీఎస్టీ. 48 గంటల లోపల, 12 గంటల ముందు దాకా అయితే ఛార్జీలో పావు వంతు పోతుంది. 12 గంటల లోపల, నాలుగు గంటల ముందు దాకా అయితే సగం. ఆ తర్వాత ఏమీ రాదు. పావు, సగం లెక్కలో వచ్చేది ఆ స్థిరమైన మొత్తం కన్నా తక్కువైతే స్థిరమైన మొత్తమే కోస్తారు.

మీ ముగ్గురికీ థర్డ్ ఏసీ అనుకుంటే, 48 గంటల ముందే రద్దు చేస్తే మనిషికి 189 చొప్పున 567 రూపాయలు పోతాయి. రాజధాని అయినా అంతే, ఏపీ ఎక్స్‌ప్రెస్ అయినా అంతే, ఎందుకంటే ఆ గడువుకు ముందు కోత టికెట్ ధరను చూడదు, క్లాసునే చూస్తుంది. గడువు దాటిన క్షణం నుంచి ధరను చూడటం మొదలుపెడుతుంది. మామూలు రైల్లో పావు వంతు అంటే ముగ్గురికి 1,500, చివరి మెట్టు రాజధానిలో సుమారు 2,490. సగం అయితే 3,000 ఒకచోట, 4,980 ఇంకోచోట. మీరు ఫ్లెక్సీ పేరుతో ఎక్కువ కట్టిన దాంట్లోనూ కోత పడుతుందన్నమాట.

ఇంతవరకూ చదివి “అయితే 48 గంటల ముందే తేల్చుకుంటే రెండూ ఒకటేగా” అనుకుంటారు మీ మరిది. అక్కడే చాలామంది పొరపాటు పడతారు. తేదీ మార్చడమంటే పాతది రద్దు చేయడమే కాదు, కొత్తది మళ్లీ కొనాలి. బుకింగ్ తెరిచిన పొద్దున్నే లేచి రాజధాని మొదటి మెట్టులో 2,400కి తీశారనుకోండి. చేను ఇంకా పచ్చిగా ఉందని వారం వెనక్కి జరిపారు. పాతదానికి 189 పోయింది. కొత్త తేదీకి అప్పటికే చివరి మెట్టు నడుస్తుంటుంది, 3,320 పెట్టి కొనాలి. రద్దు కోత 189, ధర తేడా 920, కలిపి మనిషికి 1,109. ముగ్గురికి 3,300 దాటిపోతుంది. ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో అదే పని చేస్తే కొత్త టికెట్ కూడా పాత ధరకే వస్తుంది కాబట్టి పోయేది 567 మాత్రమే. తేదీ తేలనివాళ్లు రెండు రైళ్ల టికెట్ ధరలు పోల్చి ఊరుకోకూడదు. ఒకసారి తేదీ మారితే ఎంతవుతుందో అది కూడా కలిపి పోల్చాలి. అలా చూస్తే మీ ఇంటికి రాజమండ్రి రైలే నయం.

మామూలు రైలుకు ఉన్న చిక్కు వేరు. కొత్త తేదీకి ధర మారదు గానీ బెర్తు ఉండకపోవచ్చు, వెయిటింగ్ లిస్టులో పడవచ్చు. అందుకని మీరు టికెట్ తీసే తేదీని ఎంచుకోవడంలోనే జాగ్రత్త ఉండాలి. మాసూళ్లు ముందుకు జరగడం ఎప్పుడన్నా చూశారా? కార్తీకం వెళ్లేలోపు ఒక్క వాయుగుండం పట్టిందంటే పడిపోయిన చేను ఆరాలి, కోత మిషన్ దిగాలంటే నేల గట్టిపడాలి, తడిసిన ధాన్యం కళ్లంలో ఆరబెట్టాలి. అన్నీ వెనక్కే జరుగుతాయి. మీవారు “మొదటి వారానికల్లా అయిపోతుంది” అంటే మీరు టికెట్ రెండో వారం చివర్లో తీయండి. అబ్బాయి దగ్గరికి వారం ఆలస్యంగా వెళ్తే నష్టం లేదు. రెండు తేదీలకూ టికెట్లు తీసి ఒకటి రద్దు చేసుకునేవాళ్లు ఉన్నారు. దానికి అయ్యే ఖర్చు పెద్దది కాకపోయినా నేను అది చెప్పను. మీరు పట్టి ఉంచిన మూడు బెర్తుల కోసం ఆస్పత్రి పనిమీద వెళ్లేవాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు.

ఇంకో దారి ఉంది, ఇప్పుడు ఫోన్లో టికెట్లు తీసేవాళ్లు దీన్ని మర్చిపోయారు. పాలకొల్లులోనో నరసాపురంలోనో రిజర్వేషన్ కౌంటరుకు వెళ్లి, దారంతో కట్టిన పెన్నుతో ఫారం నింపి తీసుకునే కాగితం టికెట్‌కు, ప్రయాణం తేదీని ఒకసారి ముందుకో వెనక్కో జరిపించుకునే వీలుంది. కొత్త తేదీకి బెర్తు ఖాళీ ఉండాలి, రైలు బయల్దేరడానికి 48 గంటల ముందే కౌంటరు పనివేళల్లో టికెట్ అప్పగించాలి. ఆన్‌లైన్లో తీసిన ఈ-టికెట్‌కు 2025 అక్టోబరు నాటికి ఆ వీలు లేదు, రద్దు చేసి కొత్తది కొనుక్కోవాల్సిందే. పైగా ఐఆర్‌సీటీసీలో తీస్తే ఏసీ టికెట్‌కు 30 రూపాయలు, యూపీఐతో కడితే 20, దానిపైన జీఎస్టీ, కన్వీనియన్స్ ఫీజుగా పోతాయి. రద్దు చేసినా అది తిరిగి రాదు. చిన్న మొత్తమే. కానీ మీలాంటి తేదీ తేలని ప్రయాణానికి నేనైతే చించినాడ వంతెన దాటి పాలకొల్లు వెళ్లి కౌంటరులోనే తీస్తాను. బుకింగ్ ప్రయాణానికి అరవై రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. అర్ధరాత్రి రైలు కాబట్టి ఒకరోజు ముందు నుంచే అడుగుతూ ఉండండి.

ఆ అర్ధరాత్రి మాట ఊరికే అనలేదు. ఏపీ ఎక్స్‌ప్రెస్ రాత్రిపూట విశాఖలో బయల్దేరి పన్నెండు దాటాక రాజమండ్రి వస్తుంది. టికెట్ మీద శుక్రవారం తేదీ ఉంటే మీరు స్టేషనుకు వెళ్లాల్సింది గురువారం రాత్రి. ఇది చాలామందికి తెలుసు. రద్దు గడువు కూడా అలాగే ముందుకు జరుగుతుందని మాత్రం తట్టదు. మా చెల్లెలి కుటుంబానికి నలుగురికి సెకండ్ ఏసీ టికెట్లు నేనే తీశాను, మనిషికి 1,600. రైలు 12వ తేదీ రాత్రి 12:40కి. వాళ్లింట్లో జ్వరాలు వచ్చి, 10వ తేదీ మధ్యాహ్నం రద్దు చేయమని ఫోన్ చేసింది. ఇంకా రెండున్నర రోజులు ఉంది కదా అని నిదానంగా చేశాను. నిజానికి 12వ తేదీ 12:40 అంటే 11వ తేదీ రాత్రి నిద్రపోయే వేళ. నా చేతిలో ఉన్నది 36 గంటలు. మనిషికి 210 పోతుందనుకున్నచోట 420 పోయింది. నలుగురికీ 840 కావాల్సింది 1,680 అయింది. ఫోన్ తెరమీద తిరిగి వచ్చే మొత్తం చూపించి, రద్దు చేయమంటారా అని అడుగుతుంది. ఆ అంకె చూడకుండానే అవునని నొక్కాను.

కాబట్టి మీ టికెట్ శుక్రవారం తెల్లవారుజామున ఒంటి గంటకనుకుంటే, 48 గంటల గడువు బుధవారం ఒంటి గంటకు ముగుస్తుంది. విశాఖలో రైలు బయల్దేరే వేళ నుంచి లెక్క వేసుకుంటే ఇంకో మూడు గంటలు ముందే, అంటే మంగళవారం రాత్రి పది. అంతవరకూ ఆగకండి. రాత్రి 11:45 నుంచి 12:20 దాకా ఐఆర్‌సీటీసీ పనిచేయదు, కౌంటరు అయితే రాత్రి తెరిచే ఉండదు. కాగితం టికెట్ అయితే మంగళవారం పగలే పాలకొల్లు వెళ్లాలి. గోడమీద క్యాలెండరులో శుక్రవారం కాకుండా మంగళవారం చుట్టూ గీసుకోండి. ఆ రోజు పొద్దున చేను చూసి వచ్చి మీవారు మాట చెప్పాలి.

చార్టు తయారయ్యాక ఈ-టికెట్ రద్దు బటన్ పనిచేయదు, డబ్బు వాపసు కోసం టీడీఆర్ అనే అర్జీ దాఖలు చేయాలి. 2025 జులై నుంచి చార్టు ఎనిమిది గంటల ముందే వేయడం మొదలుపెట్టారు. అందుకని ఆఖరి రోజు సగం డబ్బు అయినా వస్తుందన్న ఆశతో సాయంత్రం దాకా కూర్చోకండి.

ముగ్గురిలో ఒక్కరే ఆగిపోవాల్సి వస్తే ఆ ఒక్కరి బెర్తు మాత్రమే రద్దు చేసుకోవచ్చు, కోత ఆ ఒక్కరికే. మీవారు పొలం దగ్గర ఉండిపోయి ఆయన బదులు మీ అమ్మాయి వస్తుందనుకుంటే రద్దు కూడా అక్కర్లేదు. ఖాయమైన టికెట్‌ను తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు, భార్యాభర్తల మధ్య మార్పించుకోవచ్చు. 24 గంటల ముందు రిజర్వేషన్ కార్యాలయంలో అర్జీ, బంధుత్వం చూపే కాగితం ఇవ్వాలి.

అత్తయ్యగారి కింద బెర్తు గురించి చెప్పాలి. అరవై దాటినవాళ్లకూ, నలభై అయిదు దాటిన ఆడవాళ్లకూ లోయర్ బెర్త్ కోటా ఉంది. కానీ ఒక టికెట్‌లో ఒకరో ఇద్దరో ఉంటేనే అది వర్తిస్తుంది. ముగ్గుర్నీ ఒకే టికెట్‌లో పెడితే ఆ కోటాలో అడగలేరు. మీకు నలభై అయిదు దాటి ఉంటే మీరూ అత్తయ్యగారూ ఒక టికెట్, మీవారు ఇంకో టికెట్ తీయండి. రెండూ ఒకే పెట్టెలో రాకపోవచ్చు, ఆయన లేచి నడిచి రాగలరు కదా. వృద్ధులకు ఛార్జీలో ఉన్న రాయితీ 2020 మార్చిలో ఆపేశారు, అది లెక్కలో పెట్టుకోకండి. మీరూ ఆమె సెకండ్ ఏసీ, మీవారు థర్డ్ ఏసీ అయితే పైన వేసుకున్న అంకెల్లో మొత్తం 7,700 అవుతుంది. ముగ్గురూ చివరి మెట్టు రాజధాని థర్డ్ ఏసీలో వెళ్తే 9,960. ఆ తేడాలో ఢిల్లీ స్టేషన్‌లో చక్రాల కుర్చీకి, అక్కడి నుంచి ఇంటిదాకా కారుకు సరిపోయి ఇంకా మిగులుతుంది.

ఇంత చెప్పాక కూడా మీ మరిది మాటే నెగ్గి, మాసూళ్లు అయిపోయి తేదీ ఖాయమయ్యాక రాజధానికే వెళ్తామనుకుంటే, విజయవాడ దాకా ప్రయాణం మీద ఒక మాట వినండి. చెన్నై నుంచి వచ్చే ఆ రాజధాని వారానికి రెండు రోజులే. అది హజ్రత్ నిజాముద్దీన్‌లో దించుతుంది. విజయవాడకు మీరు వేరే రైల్లో రావాలి, ఆ రైలు ఆలస్యమై రాజధాని వెళ్లిపోతే అంత డబ్బూ గాలికి పోయినట్టే. దానికి విరుగుడు 2019 నుంచి ఉంది. రెండు ప్రయాణాలకూ రిజర్వేషన్ టికెట్లు తీసి, రెండు పీఎన్‌ఆర్‌లనూ జత చేయించుకోవాలి. ప్రయాణికుల పేర్లు, వయసు రెండింటిలోనూ ఒకేలా ఉండాలి, మొదటి రైలు దిగే స్టేషనే రెండో రైలు ఎక్కే స్టేషన్ కావాలి. అప్పుడు మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పితే, ఎక్కని రైలు డబ్బు కోత లేకుండా వస్తుంది. దిగిన మూడు గంటల్లోపు అడగాలి. పాలకొల్లులో అప్పటికప్పుడు జనరల్ టికెట్ కొని వస్తే పీఎన్‌ఆర్ ఉండదు, జత చేయడానికి ఏమీ ఉండదు. ఆ చిన్న రిజర్వేషన్ టికెట్‌ను రద్దు చేస్తే మాత్రం చాలా భాగం పోతుంది. రెండు వందల లోపు స్లీపర్ టికెట్ మీద కూడా 120 కోస్తారు కదా. దానికి సెకండ్ సిట్టింగ్ తీయండి, కోత 60తో ఆగుతుంది.

ఆఖరి నిమిషంలో తత్కాల్ ఉందిగా అనే ధీమా మీ ఇంటికి పనికిరాదు. తత్కాల్‌లో ఖాయమైన టికెట్ రద్దు చేస్తే పైసా తిరిగి రాదు, థర్డ్ ఏసీకి పైన 300 నుంచి 400 దాకా అదనం. ప్రీమియం తత్కాల్‌లో అయితే ధర కూడా మెట్లెక్కుతుంది. వెయిటింగ్ లిస్టు టికెట్ మేలు, ఖాయం కాకపోతే మనిషికి 60 రూపాయలు, ఏసీకి జీఎస్టీ కలిపి కోసుకుని మిగతాది ఇచ్చేస్తారు. అయితే అందరూ వెయిటింగ్‌లోనే ఉన్న ఈ-టికెట్‌తో రైలెక్కడానికి వీల్లేదు, చార్టు వేశాక అది దానంతటదే రద్దవుతుంది.

వెళ్లేటప్పుడు తుఫాను పట్టి రైలునే రద్దు చేస్తే భయపడకండి. అప్పుడు కోత ఉండదు, మొత్తం ఛార్జీ వస్తుంది. ఈ-టికెట్‌కు మీరేమీ చేయక్కర్లేదు, కాగితం టికెట్ అయితే కౌంటరులో అప్పగించాలి. తుఫాను వస్తుందన్న వార్త విని, రైల్వే రైలు రద్దు చేసిందో లేదో చూడకుండా తొందరపడి మీరే రద్దు చేసుకుంటే మాత్రం మామూలు కోత పడుతుంది. 48 గంటల గడువు ఇంకా దూరంగా ఉంటే ఆగి చూడండి. గడువు దాటిపోయి ఉంటే కూడా, ఆ రైలు నడవదనిపిస్తే సాయంత్రం దాకా చూడటమే మేలు.

తిరుగు ప్రయాణం జనవరిలో పడుతుంది, అప్పుడు ఢిల్లీ వైపు పొగమంచు. రైళ్లు గంటల తరబడి ఆలస్యంగా బయల్దేరతాయి. మీరు ఎక్కే స్టేషన్‌లో రైలు మూడు గంటల కన్నా ఎక్కువ ఆలస్యమై, ఇక వెళ్లలేమనుకుంటే మొత్తం డబ్బు వెనక్కి వస్తుంది. ఈ-టికెట్ అయితే ఆ రైలు అసలు బయల్దేరే లోపే టీడీఆర్ దాఖలు చేయాలి. అది వెళ్లిపోయాక చేస్తే లాభం లేదు. అత్తయ్యగారిని చలిలో ప్లాట్‌ఫారం మీద కూర్చోబెట్టే బదులు అబ్బాయి ఇంట్లోనే ఉండి ఆ రైలు ఎక్కడుందో 139కి ఫోన్ చేసి కనుక్కుని, మూడు గంటలు దాటిందని తేలితే అక్కడి నుంచే టీడీఆర్ పెట్టేయమనండి.